పిల్లాడు అక్కడికెందుకు వెళ్ళాడు?

ఏజెన్సీలో ఒక పిల్లాడు ఎవరి తోటలోనో నీటికుంటలో పడి చనిపోతే మొదట వినిపించే ప్రశ్న ఒకటే: వాడు అక్కడికెందుకు వెళ్ళాడు? తోట యజమాని అడుగుతాడు, పోలీసు అడుగుతాడు, చివరికి ఏడుస్తున్న తల్లిని పట్టుకుని మన గూడెం వాళ్ళే అడుగుతారు. కుంట చుట్టూ కంచె ఎందుకు లేదని మాత్రం ఎవరూ అడగరు. మొదటి ప్రశ్నతోనే తీర్పు అయిపోతుంది. చనిపోయినవాడే దోషి, నీళ్ళు నిలబెట్టినవాడు సాక్షి.

మేము ఆదివాసీ గూడేల్లో చదువు చెప్పే పంతుళ్ళం. పిల్లాడు అక్కడికెందుకు వెళ్ళాడో మాకు తెలుసు. మేకల వెంట వెళ్ళాడు. మామిడికాయ కోసం వెళ్ళాడు. ఎండకి దాహమేసి వెళ్ళాడు. చాలాసార్లు వాడు ఎక్కడికీ వెళ్ళలేదు, తాతల నాటి నుంచి నడుస్తున్న దారిలోనే నడిచాడు. ఆ దారి పక్కకి తోట తర్వాత వచ్చింది, కుంట ఇంకా తర్వాత వచ్చింది.

పేర్లు లేకుండా ఒక సంగతి చెప్తాం. రెండో తరగతి పిల్లాడు, వయసు ఏడు నిండలేదు. ఆదివారం మధ్యాహ్నం ఇంకో ఇద్దరితో కలిసి మేకల్ని తోలుకుంటూ వెళ్ళాడు. దారికి పది అడుగుల దూరంలో ఒక ఫారం పాండ్. ఒక్కో వైపు ఇరవై మీటర్లు, లోతు మూడు మీటర్లు, నీరు ఇంకకుండా అడుగు నుంచి గట్టు దాకా నల్ల ప్లాస్టిక్ షీటు పరిచారు. కంచె లేదు, బోర్డు లేదు. పిల్లాడు చెంబు ముంచబోయి జారాడు. మిగతా ఇద్దరూ గూడెం దాకా పరుగెత్తుకొచ్చి చెప్పేసరికి అంతా అయిపోయింది. తోటవాళ్ళు "మా భూమిలోకి రమ్మని మేం పిలిచామా?" అన్నారు. పెద్దమనుషులు కూర్చుని దినాల ఖర్చుకి కొంత ఇప్పించి, తెల్ల కాగితం మీద తండ్రి వేలిముద్ర వేయించారు.

ఇక్కడ ఆ షీటు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే దీన్ని మామూలు చెరువుతో పోల్చి మాట్లాడేవాళ్ళు చాలామంది. చెరువు ఒడ్డు మెల్లగా దిగుతుంది. పిల్లలు మోకాలి లోతులో ఆగిపోతారు, భయం వేస్తే వెనక్కి వస్తారు. ఈ కుంట వాలు నిటారుగా ఉంటుంది, ఒక అడుగు లోపలికి వేస్తే ఒక అడుగు లోతు పెరుగుతుంది. షీటు మీద నీరున్నంత మేరా కొన్నాళ్ళకే పాకుడు పడుతుంది. పట్టుకోవడానికి గడ్డిపోచ ఉండదు, వేర్లు ఉండవు, రాయి ఉండదు. ఈత వచ్చిన పెద్దవాడు కూడా తాడు లేకుండా పైకి రాలేక ఆ వాలు మీదే అలిసిపోతాడు. నీళ్ళలో మునిగే పిల్లాడు సినిమాలోలా కేకలు వేయడు. ఊపిరి తీసుకోవడానికే చాలదు, ఇక అరుపెక్కడిది? అందుకే పక్క పొలంలో మనుషులున్నా తెలియదు. కాపాడదామని దూకిన అన్నో అక్కో కూడా అదే షీటు మీద జారి పోతుంటారు. ఇది చెరువు కాదు, మనిషి చేసిన గొయ్యి. చేసినవాడికి దాని సంగతి అందరికన్నా ఎక్కువ తెలుసు.

"పిలవలేదు" అనే మాటకి వద్దాం. ఈ మాటకి ఒకప్పుడు కోర్టుల బలం ఉండేది. 1929లో ఇంగ్లండు పెద్దకోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్, స్కాట్లండులో బొగ్గుగని చక్రంలో నలిగి చనిపోయిన నాలుగేళ్ళ పిల్లాడి కేసులో, వాడు అనుమతి లేకుండా వచ్చినవాడు కాబట్టి కంపెనీకి బాధ్యత లేదన్నది. 1972లో అదే కోర్టు దారి మార్చుకుంది. విరిగిపోయిన కంచె దాటి రైలు పట్టాల మీదికి వెళ్ళి కరెంటు తగిలి కాలిపోయిన ఆరేళ్ళ పిల్లాడి కేసది. అక్కడికి పిల్లలు వస్తున్నారని రైల్వేకి తెలుసు, కంచె బాగుచెయ్యలేదు. అనుమతి లేకుండా వచ్చినవాడైనా సరే, మనిషిగా చెయ్యాల్సిన కనీస జాగ్రత్త చెయ్యాల్సిందేనని తేల్చింది. యజమాని స్తోమతు కూడా చూడాలన్నది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

మన దేశంలో ఈ విషయం మీద విడిగా చట్టం లేదు. కానీ మన సుప్రీంకోర్టు 1963లోనే ఒక మాట చెప్పింది. బీహారులో ఒకాయన తన మరుగుదొడ్డికి పక్కింటివాళ్ళు రాకుండా దారిలో కరెంటు తీగ కట్టాడు. పక్కింటామె తగిలి చనిపోయింది. వచ్చింది అనుమతి లేకుండానే గదా అని వాదించాడు. చెల్లలేదు, నిర్లక్ష్యంతో చావుకి కారణమైనందుకు శిక్ష ఖాయమైంది. ఆ తీగ కావాలని కట్టినది, కుంట అలాంటిది కాదు అని వకీలు అంటాడు. నిజమే, ఆ తేడా ఉంది. అందుకే కుంట కేసులో అసలు నిలబెట్టాల్సింది ఒకే విషయం: అక్కడికి పిల్లలు వస్తారని యజమానికి తెలుసా? తెలిసీ ఏం చేశాడు? దారి పక్కనే తవ్వి, రోజూ మేకలు కాసే పిల్లల్ని చూస్తూ, ఒకటి రెండుసార్లు అదిలించి పంపినవాడు నాకు తెలియదంటే ఎలా కుదురుతుంది?

ఇంకొకటి. ఏడేళ్ళ లోపు పిల్లాడు ఏం చేసినా నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షనే చెబుతోంది. దొంగతనం చేసినా నేరస్తుడు కానివాడు, నీళ్ళ కోసం గట్టెక్కితే చొరబాటుదారు ఎలా అవుతాడు?

ఇప్పుడు ఆ వేలిముద్ర కాగితం సంగతి. నిర్లక్ష్యం వల్ల చావు అనే నేరం, పాత 304-ఎ, ఇప్పుడు 106వ సెక్షన్, పెద్దమనుషుల దగ్గర రాజీతో పోయేది కాదు. కానీ కేసు ఆ సెక్షన్ కింద కడితే గదా! మామూలుగా జరిగేది అనుమానాస్పద మృతి కింద నమోదు చేసి, పంచనామాలో "ప్రమాదవశాత్తు కాలుజారి పడి" అని రాసి మూసేయడం. ఆ ఒక్క వాక్యం దగ్గరే అంతా తేలిపోతుంది. శవ పంచనామా ఊళ్ళోని ఇద్దరు మర్యాదస్తుల ఎదుట జరగాలి. గూడెంలో ఆ ఇద్దరిలో ఒకరు చాలాసార్లు పంతులే. సంతకం పెట్టేముందు అందులో కంచె లేదన్న మాట ఉండాలి. దారి నుంచి కుంటకి ఎన్ని అడుగులో ఉండాలి. నీటి లోతు, షీటు, పట్టుకోవడానికి ఏమీ లేకపోవడం ఉండాలి. ఫోన్‌తో ఫొటోలు ఆ రోజే తీయాలి, ఎందుకంటే వారం తిరిగేసరికి కంచె లేస్తుంది. అప్పుడిక కంచె ఎప్పుడూ ఉందనే చెబుతారు. నష్టపరిహారం కోసం సివిల్ దావా వేయాలంటే చనిపోయిన రోజు నుంచి రెండేళ్ళే గడువు. షెడ్యూల్డు తెగలవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 న్యాయసేవల చట్టం చెబుతోంది. మండల స్థాయిలోనో జిల్లాలోనో ఉన్న న్యాయసేవల సంస్థకి ఒక దరఖాస్తు పెడితే చాలు.

అయినా ఇదంతా చావు తర్వాత మాట. మా గొడవ దాని గురించి కాదు. బతికుండగానే కంచె వేయించే అధికారం చట్టంలో ఎప్పటి నుంచో ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 133వ సెక్షన్, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 152. ప్రజలు నడిచే దారికో బహిరంగ స్థలానికో ఆనుకుని ఉన్న చెరువు, బావి, గొయ్యి ఏదైనా ప్రమాదకరంగా ఉంటే కంచె వెయ్యమని సబ్‌కలెక్టర్ గాని ఆర్డీవో గాని యజమానిని ఆదేశించవచ్చు. ఆదేశం మీద అభ్యంతరం ఉంటే వచ్చి చెప్పుకోమంటారు. లేకపోతే అదే ఖాయమవుతుంది. ప్రాణాపాయం ఇప్పుడే ఉందనుకుంటే విచారణ తేలేదాకా ఆగకుండా తక్షణ చర్య తీసుకునే వీలు కూడా ఉంది. నిధులు లేవనే సాకుతో ఈ సెక్షన్ బాధ్యత తప్పించుకోకూడదని 1980లో రత్లాం మున్సిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి మూతలేని పంచాయతీ సంపుకీ, బడి వెనక నీళ్ళ తొట్టికీ ఇదే వర్తిస్తుంది. బోరుబావుల సంగతి చూడండి. పిల్లలు పడుతుంటే సుప్రీంకోర్టు 2010లో కంచె వెయ్యాలి, వదిలేసిన బోరు పూడ్చాలి అని ఆదేశాలిచ్చింది. బోరులో పడిన పిల్లాడు రెండు రోజులు టీవీలో కనిపిస్తాడు. కుంటలో మునిగినవాడు అయిదు నిమిషాల్లో పోతాడు, కెమెరా వచ్చే వ్యవధి లేదు. అంతే తేడా.

ఈ సెక్షన్‌కి ఒక బలహీనత ఉంది, దాన్ని దాచడం మంచిది కాదు. దారికి దూరంగా, తోట నడుమ ఉన్న కుంటకి ఇది పట్టదు. అసలు అది ప్రజల దారే కాదని యజమాని వాదించి, దానికి నమ్మదగిన ఆధారం చూపిస్తే వ్యవహారం సివిల్ కోర్టు తేల్చేదాకా ఆగిపోతుంది. అందుకే అర్జీతో పాటు దారికి రుజువులు పెట్టాలి. గ్రామ నక్షాలో దారి గీత ఉంటే అది, ఉపాధి పనుల్లో ఆ దారి మీద మట్టి పోసిన రికార్డు ఉంటే అది, ఏ గూడెం పిల్లలు ఆ దారిన బడికి వస్తారో హాజరుపట్టీ చూసి రాసిన జాబితా. ఈ మూడోది మన చేతిలోనే ఉంది.

"కంచె వేసే స్తోమతు రైతుకెక్కడిది?" అని కొందరు మమ్మల్ని అడిగారు. అడిగింది న్యాయమే, ఉపాధి పనుల్లో తవ్విన కుంటలు మన ఆదివాసీ రైతుల పట్టాల్లో కూడా ఉన్నాయి. వాళ్ళని జైల్లో పెట్టించమని మేము అనడం లేదు. స్తోమతు చూడాలని ఇంగ్లండు కోర్టే అన్నది గదా. పేదవాడు పేదవాడు చేయగలిగింది చెయ్యాలి. ఇరవై మీటర్ల కుంటకి గట్టు మీద రెండు మీటర్లు ఎడం వదిలి కట్టినా చుట్టుకొలత తొంభై ఆరు మీటర్లు. రెండు మీటర్లకొక గుంజ చొప్పున నలభై ఎనిమిది గుంజలు, మధ్యలో ముళ్ళకంప. వెదురుకీ కంపకీ మనకి కొదవా? నాలుగు వైపులా గట్టు మీద గట్టి మేకు పాతి, ముడులు వేసిన తాడు నీళ్ళలోకి వదలాలి. కంచె దాటిన పిల్లాడికి చెయ్యి పట్టుకునేది అదే. ప్లాస్టిక్ షీటు కొని, మోటారు బిగించి, డ్రిప్ వేసిన పెద్ద తోట యజమాని మాత్రం స్తోమతు లేదని అంటే మేము ఒప్పుకోం. అంత ఖర్చులో ఇనుప తీగ కంచె ఎంతనుకున్నాడు?

మీ బడి చుట్టుపక్కల, పిల్లలు నడిచే దారుల మీద ఉన్న కుంటలూ సంపులూ ఒకసారి నడిచి చూసి రాసుకోండి. అర్జీ పైన "152వ సెక్షన్ కింద" అని స్పష్టంగా రాయండి. రాయకపోతే అది సోమవారం గ్రీవెన్స్‌లో వచ్చే వంద కాగితాల్లో ఒకటిగా తహశీల్దారుకి పోయి, అక్కడి నుంచి కార్యదర్శికి పోయి, "పరిశీలించబడినది" అని తిరిగొస్తుంది. కుంట సర్వే నంబరు, యజమాని పేరు, దారి నుంచి దూరం, ఫొటో, పిల్లల జాబితా జతచేసి సబ్‌కలెక్టర్ ఆఫీసులోనే ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోండి. వానలు పడి కుంటలు నిండేది జూన్ తర్వాత. బడి తెరిచేదీ అప్పుడే.