రొమ్ము నొప్పా, పక్కటెముక నొప్పా? మాత్ర కొనే ముందు తేదీ చూడండి

అశోక్‌నగర్, చిక్కడపల్లి హాస్టళ్లలో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్న అమ్మాయిలకూ, హైదర్‌గూడ, నారాయణగూడ ఇళ్లలోని తల్లులకూ ఈ హెచ్చరిక. రొమ్ములో నొప్పి రాగానే కొందరు క్యాన్సరేమోనని హడలిపోయి స్కానింగ్‌కు పరుగెడతారు. మరికొందరు ఎవరికీ చెప్పుకోలేక మందుల షాపులో క్యాప్సూల్స్ అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగుతారు. నొప్పి రొమ్ముదా, దాని వెనకున్న పక్కటెముకదా, గుండెదా అన్నది మాత్రం ఇద్దరిలో ఎవరూ తేల్చుకోరు. తేల్చుకోవలసింది ముందు అదే.

ఆలస్యం చేయకూడని సంగతి మొదటే చెప్పేస్తాం. మెట్లెక్కుతున్నప్పుడో వేగంగా నడుస్తున్నప్పుడో ఛాతీలో బరువు పెట్టినట్టు, బిగదీసినట్టు నొప్పి వచ్చి, ఆగి నిలబడితే తగ్గుతోందంటే గుండెను అనుమానించాలి. వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి. నొప్పితో పాటు చెమటలు, ఆయాసం, వికారం ఉన్నా, నొప్పి దవడకో చేతికో వీపుకో పాకుతున్నా 108కి ఫోన్ చేయండి. ఉన్నట్టుండి ఊపిరి అందకపోయినా అంతే. నలభై దాటి, షుగరో బీపీయో ఉన్న ఆడవాళ్ల విషయంలో ఇంట్లోవాళ్లు దీన్ని గ్యాస్ అనో, నెలసరి ముందు మామూలే అనో కొట్టిపారేయడం ప్రాణం మీదికి తెస్తుంది. ఇలాంటి లక్షణాలుంటే ఇక కింద రాసినవేవీ ఇంట్లో పరీక్షించుకుంటూ కూర్చోవద్దు.

ఇవి లేవనుకుంటే, మొదటి ప్రశ్న తేదీ. నెలసరితో ముడిపడిన నొప్పి అండం విడుదలయ్యాక, అంటే బహిష్టుకు వారం, రెండు వారాల ముందు మొదలవుతుంది. రోజులు గడిచేకొద్దీ పెరుగుతుంది, బహిష్టు వచ్చిన ఒకటి రెండు రోజుల్లో తేలికపడుతుంది. సాధారణంగా రెండు రొమ్ములూ బరువెక్కి సలుపుతాయి. పైభాగంలో, చంక వైపు ఎక్కువగా ఉంటుంది, ఒక్కోసారి చేతిలోకీ దిగుతుంది. ఇది హార్మోన్ల హెచ్చుతగ్గులకు రొమ్ము స్పందించే తీరే తప్ప హార్మోన్లు చెడిపోవడం కాదు. ఈ నొప్పి ఉన్నవాళ్లలో చాలామందికి రక్తంలో హార్మోన్లు మామూలుగానే ఉంటాయి కనుక ఆ పరీక్షలకు డబ్బు పోయడం దండగ.

నొప్పి వచ్చినప్పుడు తేదీ గుర్తుంటుందిలే అనుకుంటాం, ఉండదు. అందుకే 1970లలో బ్రిటన్‌లోని కార్డిఫ్ నగరంలో రొమ్ము నొప్పుల కోసం ప్రత్యేకంగా క్లినిక్ నడిపిన సర్జన్లు రోగుల చేత రోజువారీ పట్టిక రాయించారు. రోజుకొక గడి. నొప్పి బాగా ఉంటే గడి మొత్తం నింపాలి, కొద్దిగా ఉంటే సగం నింపాలి, లేకపోతే ఖాళీగా వదలాలి. బహిష్టు రోజుల మీద ఒక గుర్తు పెట్టాలి. నోటు పుస్తకంలో చివరి పేజీ చాలు. రెండు నెలలు రాస్తే ఆకారం తేలిపోతుంది.

ఒకే గదిలో ఇద్దరు అమ్మాయిలున్నారనుకోండి. ఇద్దరూ చెప్పేది ఒకటే మాట, ఎడమవైపు నొప్పి. మొదటి అమ్మాయికి జూన్ 6న, జులై 4న, ఆగస్టు 1న బహిష్టు వచ్చింది. ఆమె పట్టికలో జూన్ 24 నుంచి సగం గడులు మొదలై, జులై 1 నాటికి నిండు గడులై, 5 తర్వాత ఖాళీ అయ్యాయి. జులై 21న మళ్లీ మొదలై ఆగస్టు 2తో ఆగాయి. ఎడమవైపు కాస్త ఎక్కువ అనిపించినా, రాసుకుంటూ పోతే కుడివైపు కూడా ఉన్నట్టు ఆమెకే తెలిసింది. ఇది నెలసరి నొప్పి. రెండో అమ్మాయి పట్టికలో గడులు చెల్లాచెదురుగా ఉన్నాయి. బహిష్టుకు ముందూ ఉంది, తర్వాతా ఉంది. లైబ్రరీలో పొద్దంతా బల్ల మీదికి వంగి చదివిన రోజుల్లో, ఎడమ భుజానికి పుస్తకాల సంచి మోసిన రోజుల్లో నిండు గడులు. ఆమెను ఎక్కడ నొప్పి అని అడిగితే అరచేతితో చూపించదు, ఒక్క వేలు పెట్టి చూపిస్తుంది.

ఆ వేలిని గమనించాలి. రొమ్ము ఛాతీ కండరాల మీద, పక్కటెముకల మీద ఆనుకుని ఉంటుంది. కింద నొప్పి పుడితే పైన పుట్టినట్టే తోస్తుంది. దాన్ని విడదీసి చూసే పద్ధతి ఉంది. నొప్పి లేని వైపుకు తిరిగి పడుకోవాలి. రొమ్ము ఆ పక్కకు జారి పక్కటెముకలు చేతికి దొరుకుతాయి. రొమ్మెముక అంచు వెంబడి, పక్కటెముకలు మృదులాస్థితో కలిసే చోట ఒక్కొక్క ఎముకనే వేలికొనతో నొక్కుతూ రావాలి. ఒకచోట నొక్కగానే, రోజూ బాధపెట్టే ఆ నొప్పే అచ్చంగా వస్తే అది చాలావరకు ఛాతీ గోడది. చెయ్యెత్తినా, దగ్గినా, గట్టిగా ఊపిరి పీల్చినా కలుక్కుమనడం దానికి తోడు సాక్ష్యం. అయితే ఈ పరీక్షకు ఒక హద్దుంది. నొక్కితే నొప్పి వచ్చినంత మాత్రాన గుండె జబ్బు లేదని తీర్మానించకూడదు. మొదట చెప్పిన లక్షణాలుంటే ఎముక నొప్పి ఉన్నా ఆసుపత్రికే వెళ్లాలి. ఒక పక్కనే పట్టీలా మంట పుట్టి, నాలుగైదు రోజుల్లో నీటి పొక్కులు వస్తే అది సర్పి. పొక్కులు కనబడిన మూడు రోజుల లోపే మందు మొదలుపెడితే మేలు.

ఇక మందుల సంగతి. ఈవెనింగ్ ప్రైమ్‌రోజ్ నూనె క్యాప్సూల్స్‌ను మన దగ్గర ఇప్పటికీ విరివిగా రాస్తున్నారు. రొమ్ము నొప్పికి పనిచేస్తాయన్న ఆధారం చాలక బ్రిటన్ 2002లోనే వాటి లైసెన్సును ఉపసంహరించింది. విటమిన్ ఇకి కూడా గట్టి ఆధారం లేదు. నెలసరి నొప్పికి ముందు కావలసింది కొలతకు సరిపోయే బ్రా, ఆ పది రోజులూ రాత్రి కూడా మెత్తటిదొకటి. ఇది క్యాన్సర్ కాదని డాక్టరు పరీక్షించి చెబితే చాలామందికి అదే సగం మందు. పక్కటెముక నొప్పికి సంచి భుజం మార్చడం, వంగి కూర్చోవడం తగ్గించడం, కొన్ని వారాల ఓర్పు కావాలి. డైక్లోఫెనాక్ జెల్ రెండు రకాలకూ ఉపశమనమిస్తుంది. గర్భిణులు, బాలింతలు మాత్రం డాక్టరును అడగకుండా రాయకూడదు. నెలసరి తప్పి రొమ్ములు నొప్పెడుతుంటే ముందు గర్భ పరీక్ష చేసుకోవాలి. ఎందుకంటే తీవ్రమైన నొప్పికి నిపుణులు ఆఖరి అస్త్రంగా వాడే టామాక్సిఫెన్, డానజోల్ కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. స్నేహితురాలి చీటీ చూపించి వాటిని కొనడం ప్రమాదం. పాలిచ్చే తల్లికి రొమ్ము ఎర్రబడి జ్వరం వస్తే పట్టికలు రాసే పని లేదు, ఆ రోజే చూపించుకోవాలి.

నొప్పి ఒక్కటే ఉండి, చేతికి ఏదీ తగలకపోతే క్యాన్సర్ కావడం అరుదు. మనల్ని మోసం చేసేది నొప్పి లేని గడ్డ. నొప్పెట్టడం లేదు కదా అని నెలల తరబడి దాచుకునే ఆడవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. బహిష్టుకు ముందు రొమ్ము గడ్డలు గడ్డలుగా తగలడం సహజం కనుక, బహిష్టు ఆగిన తర్వాతి వారంలో తడిమి చూసుకోండి. అప్పటికీ గడ్డ ఉన్నా, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి పోయినా, దానంతటదే రక్తం కారినా, చంకలో బిళ్ల తగిలినా మరో నెల ఆగవద్దు. బహిష్టులు ఆగిపోయాక కొత్తగా ఒకేచోట నిలిచే నొప్పి వచ్చినా చూపించుకోవాల్సిందే. డాక్టరు చేతితో చూస్తారు. వయసు తక్కువైతే రొమ్ము చిక్కగా ఉండి మామోగ్రామ్‌లో తేలదు కాబట్టి ముందు అల్ట్రాసౌండ్ చేయిస్తారు, నలభై దాటితే మామోగ్రామ్ కూడా తీస్తారు. అనుమానముంటే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయంతో ఈ మూడో మెట్టు దగ్గర వెనక్కి వచ్చేయకండి, ఆ భయానికి ఆధారం లేదు. ప్రైవేటు ఖర్చు భరించలేనివాళ్లకు రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు ఆ రెండు నెలల పట్టిక వెంట తీసుకెళ్లండి. ఇంకా రాయకపోయినా, గడ్డ ఉంటే మాత్రం పట్టిక కోసం ఆగకుండా ఈ వారమే వెళ్లండి.