44 వారాలా, 51 వారాలా?

అమీర్‌పేటలోనో ఎస్సార్ నగర్‌లోనో హాస్టల్‌లో చేరేటప్పుడు మనం అడిగేవి రెండే: నెలకు ఎంత, అడ్వాన్స్ ఎంత. ఇంగ్లండ్‌కు మాస్టర్స్ చదవడానికి వెళ్లే మన పిల్లలూ అదే లెక్కతో గది వెతుక్కుంటారు. అక్కడి విద్యార్థి వసతి ఒప్పందం మాత్రం చాలావరకు వారాల్లో ఉంటుంది. ఆ వారాలు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తాయన్నదే అందులో అసలు విషయం.

వారానికి 150 పౌండ్లు అనగానే నాలుగుతో గుణించి నెలకు 600 అనుకుంటాం. ఏడాదికి 52 వారాలు కాబట్టి నిజానికి సగటున 650 అవుతుంది. ఇక వ్యవధి. 2025 సెప్టెంబర్ 13న మొదలైన 44 వారాల ఒప్పందం 2026 జూలై 18న ముగుస్తుంది. మొత్తం అద్దె 6,600 పౌండ్లు. అదే గది 51 వారాలకైతే సెప్టెంబర్ 5 దాకా ఉంటుంది, అద్దె 7,650. డిగ్రీ విద్యార్థి వేసవిలో ఇంటికి వెళ్లిపోతాడు కనుక అతనికి 44 వారాలు చాలు. ఏడాది మాస్టర్స్ చేసేవాళ్లు మాత్రం సాధారణంగా ఆగస్టు, సెప్టెంబర్‌ల వరకూ డిసర్టేషన్ రాస్తూనే ఉంటారు. చవకని 44 వారాలకు సంతకం పెడితే సరిగ్గా రాసుకునే వేళకు గది ఖాళీ చేయాలి. ఆ ఏడు వారాలకు 1,050 పౌండ్ల లోపు వేరే గది దొరికితేనే ఆదా చేసినట్టు.

సెలవుల సంగతి కూడా ఒప్పందంలోనే తేలాలి. వారాలు వరుసగా లెక్కపెట్టిన ఒప్పందమైతే, క్రిస్మస్‌కు ఇంటికొచ్చినా అద్దె ఆగదు. గది, సామాను మాత్రం మనవే. ఆక్స్‌ఫర్డ్ కాలేజీల్లో మరో పద్ధతి ఉంది. అక్కడ ఏడాదికి మూడు టర్మ్‌లు, ఒక్కోటి ఎనిమిది వారాలు. చాలా గదులను టర్మ్ అయ్యాక సామానుతో సహా ఖాళీ చేయాలి. సెలవుల్లో ఉండాలంటే ముందుగా అనుమతి తీసుకుని ఆ రోజులకు వేరే డబ్బు కట్టాలి. విమానం టికెట్ కొనేముందే ఈ నిబంధన చదవాలి.

మనం నేర్చుకోవాల్సిన అసలు పాఠం డిపాజిట్ దగ్గర ఉంది. ఇంగ్లండ్‌లో విద్యార్థులు కలిసి అద్దెకు తీసుకునే ప్రైవేటు ఇళ్లలో, 2019 చట్టం ప్రకారం, డిపాజిట్ సాధారణంగా ఐదు వారాల అద్దెను మించకూడదు. 2007 నుంచి ఓనర్ ఆ డబ్బును ప్రభుత్వ ఆమోదమున్న మూడు స్కీముల్లో ఒకదాని రక్షణలో పెట్టాలి. ఇప్పుడు దానికి గడువు 30 రోజులు. వివరాలు రాతపూర్వకంగా మనకూ ఇవ్వాలి. ఇవ్వకపోతే కోర్టు డిపాజిట్‌కు ఒకటి నుంచి మూడు రెట్లు కట్టించగలదు. యూనివర్సిటీ సొంత హాళ్లకు మాత్రం ఈ డిపాజిట్ రక్షణ నిబంధన సాధారణంగా వర్తించదు. అక్కడ వాళ్ల నిబంధనలే చూసుకోవాలి.

కోతల మీద తగాదా వస్తే స్కీమ్ ఉచితంగా తీర్పు చెబుతుంది. డిపాజిట్ అద్దెదారు సొమ్మే అన్నది దాని ప్రాతిపదిక, కాబట్టి నష్టం జరిగిందని నిరూపించాల్సింది ఓనరే. ఉదాహరణకు పరుపు మీద మరక పడిందని ఓనర్ కొత్త పరుపు ధర 200 పౌండ్లు అడిగాడనుకుందాం. పదేళ్లు మన్నే పరుపుకు అప్పటికే ఐదేళ్లు నిండితే, మరక మన వల్లే పడిందని తేలినా ఓనర్‌కు వచ్చేది సుమారు సగమే. చేరిన రోజు తీసిన ఫొటోలు, సంతకాలు పెట్టిన సామాన్ల జాబితా లేకపోతే ఆ సగం కూడా కష్టమే. వాడకంలో సహజంగా వచ్చే అరుగుదలకు కోత ఉండదు.

అక్కడున్నదంతా మనకన్నా మేలని కాదు. హాళ్లలో ఫిక్స్‌డ్ ఒప్పందం మీద సంతకం పెట్టాక మధ్యలో చదువు మానేసినా, ఒప్పందంలో వెసులుబాటు లేకుంటే, ఆ గదిలోకి మరొకరు చేరేదాకా అద్దె సాధారణంగా మన మీదే ఉంటుంది. హైదరాబాద్ హాస్టల్‌లో నెల ముందు చెప్పి వెళ్లిపోవచ్చు. ఆ స్వేచ్ఛ వదులుకోనక్కర్లేదు. మన దగ్గర లేనిది అడ్వాన్స్‌కు రక్షణ. అడ్వాన్స్ ఓనర్ చేతిలోనే ఉంటుంది. వెళ్లేటప్పుడు ‘మెయింటెనెన్స్’ అంటూ కోస్తారు, లేదా నోటీసు ఇవ్వలేదంటూ మొత్తం ఉంచేసుకుంటారు.

మధ్యవర్తి స్కీమ్ ఇక్కడ లేకపోయినా, రుజువు మనం సిద్ధం చేసుకోవచ్చు. అడ్వాన్స్ రసీదు మీదే ఆరు సంగతులు రాయించుకోవాలి: నోటీసు ఎన్ని రోజులు, ఏ తేదీ నుంచి లెక్క, మెయింటెనెన్స్ కింద కోసేది ఎంత, దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో మంచం ఉంచినందుకు ఎంత కట్టాలి, మెస్ డబ్బు అందులో తగ్గుతుందా, మిగతా అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు. నోటీసు నోటితో కాక వాట్సాప్‌లో తేదీతో పంపాలి. మాట తప్పితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి ఉంది. అక్కడ మన తరఫున మాట్లాడేది ఆ రసీదూ, ఆ మెసేజే. రాసివ్వడానికి ఒప్పుకోని హాస్టల్‌కు అడ్వాన్స్ కట్టకుండా పక్క వీధిలో ఇంకోటి చూసుకోవడం మేలు.