నోటిఫికేషన్ ఆఫ్ చేయించుకునేది యాప్‌లే: రిమైండర్‌కీ విసుగుకీ మధ్య గీత ఎక్కడుంది?

మొన్నామధ్య రాత్రి పదకొండింటికి ఫోన్ టింగ్‌మంది. ఎవరో అర్జెంట్‌గా మెసేజ్ పెట్టారేమో అనుకుని చూస్తే, ఒక ఫుడ్ డెలివరీ యాప్. "మమ్మల్ని మర్చిపోయారా? బిర్యానీ మీ కోసం ఏడుస్తోంది" అట. ఆ వారంలో అది ఆరో మెసేజ్. చిరాకేసి సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ యాప్ నోటిఫికేషన్లు మొత్తం ఆపేశాను.

రెండు వారాల తర్వాత అదే యాప్‌లో ఆర్డర్ పెట్టాను. రెస్టారెంట్ వాళ్లు పది నిమిషాల్లోనే క్యాన్సిల్ చేశారు. నాకు తెలియలేదు. యాభై నిమిషాలు ఆకలితో కూర్చుని, అనుమానమొచ్చి యాప్ తెరిస్తే అప్పుడు కనిపించింది. తప్పు నాదేనా? నేనైతే ఒప్పుకోను. ఆఫర్లకీ ఆర్డర్ సమాచారానికీ ఆ యాప్‌లో ఉన్నది ఒకటే స్విచ్. ఆఫర్ల గోల వద్దనుకుంటే ఆర్డర్ కబురు కూడా పోవాల్సిందే.

ఇన్‌స్టాల్ చేసిన యూజర్‌ని మళ్లీ యాప్‌లోకి రప్పించాలనుకోవడం తప్పేం కాదు. కానీ యూజర్ దగ్గర ఒక స్విచ్ ఉంది, అది ఒకసారి ఆఫ్ అయితే దాదాపు తిరిగి ఆన్ అవ్వదు. ఈ విషయం గుర్తుపెట్టుకుని రాసిన మెసేజ్ రిమైండర్ అవుతుంది. మర్చిపోయి రాసింది స్పామ్ అవుతుంది.

స్విచ్ ఎవరి చేతిలో ఉంది?

2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి నోటిఫికేషన్ ఛానెల్స్ అనే ఏర్పాటు ఉంది. యాప్ తన మెసేజ్‌లను రకాలుగా విడగొట్టాలి, ఏ రకం కావాలో యూజర్ విడివిడిగా ఎంచుకుంటాడు. రాయడానికి పట్టేది ఇంతే:

```kotlin
notificationManager.createNotificationChannel(NotificationChannel("order_status", "ఆర్డర్ సమాచారం",
    NotificationManager.IMPORTANCE_HIGH))
notificationManager.createNotificationChannel(NotificationChannel("offers", "ఆఫర్లు",
    NotificationManager.IMPORTANCE_LOW))
```

మొదటిది శబ్దం చేసి స్క్రీన్ మీదికి వస్తుంది. రెండోది చప్పుడు లేకుండా కిందకి చేరుతుంది. ఒకసారి ఛానెల్ తయారయ్యాక దాని ప్రాధాన్యం పెంచే హక్కు యాప్‌కి లేదు, అది యూజర్ ఇష్టం. చాలా యాప్‌లు "జనరల్" అని ఒకే ఛానెల్ పెట్టి అన్నీ అందులోనే తోసేస్తాయి. ఆఫర్లను ఎవరూ ఆపలేకుండా చేశామని వాళ్ల లెక్క. చివరికి జరిగేది నాకు జరిగిందే: ఆపితే అన్నీ ఆగిపోతాయి.

2022లో ఆండ్రాయిడ్ 13 ఇంకో తలుపు పెట్టింది. అంతకుముందు ఇన్‌స్టాల్ చేస్తే చాలు, నోటిఫికేషన్లు ఆన్‌లోనే ఉండేవి. ఇప్పుడు `POST_NOTIFICATIONS` పర్మిషన్ అడగాలి. యూజర్ రెండుసార్లు "వద్దు" నొక్కాడంటే ఆ పాపప్ ఇక రాదు. అయినా చాలా యాప్‌లు తెరిచిన మొదటి సెకనులోనే అడిగేస్తాయి. యాప్ ఏంటో ఇంకా చూడనేలేదు, ఎందుకు ఇవ్వాలి? ఉన్న రెండు అవకాశాల్లో ఒకటి అక్కడే వృథా.

ఒక క్విజ్ యాప్ తీసుకుందాం

గ్రూప్-2కి చదివేవాళ్ల కోసం రోజుకి పది కరెంట్ అఫైర్స్ ప్రశ్నలిచ్చే చిన్న యాప్ ఉందనుకోండి. అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని ప్రిపేరవుతున్న అమ్మాయి దాన్ని ఇన్‌స్టాల్ చేసింది. మొదటి క్విజ్ పూర్తయింది, పదిలో ఏడు వచ్చాయి. పర్మిషన్ అడగాల్సింది ఇప్పుడు. "తప్పైన మూడు ప్రశ్నలు రేపు మళ్లీ అడగమంటారా? ఏ టైమ్‌కి?" తను రాత్రి ఎనిమిది అని పెట్టుకుంటే, ఆ రిమైండర్ తను అడిగి తెచ్చుకున్నది. యాప్ తన మీద రుద్దింది కాదు.

మర్నాడు ఎనిమిదింటికి వచ్చే మెసేజ్ ఎలా ఉండాలి? "మిమ్మల్ని మిస్సవుతున్నాం" అంటే అందులో ఆమెకి పనికొచ్చేది ఏమీ లేదు. "నిన్న తప్పైన 3 ప్రశ్నలు సిద్ధంగా ఉన్నాయి, 2 నిమిషాల పని" అంటే ఉంది. యాప్ తెరవకపోయినా ఏం మిగిలిందో తెలుస్తుంది.

ఇక్కడ తరచూ జరిగే తప్పులు రెండున్నాయి. మొదటిది, ఆమె సాయంత్రం ఆరింటికే క్విజ్ చేసేసినా ఎనిమిదింటికి రిమైండర్ రావడం. పొద్దున్నే షెడ్యూల్ చేసి, పని అయిపోయాక రద్దు చేయడం మర్చిపోతారు. చేసిన పనిని మళ్లీ గుర్తుచేస్తే "ఈ యాప్ నన్ను చూడట్లేదు" అని ఎవరికైనా అర్థమైపోతుంది.

రెండోది మన గ్యాడ్జెట్ పిచ్చోళ్లకి బాగా తెలిసిందే. ఊరెళ్లి రెండు రోజులు ఫోన్ ఆఫ్ చేసి, తిరిగి ఆన్ చేయగానే "ఇంకా రెండు గంటలే!" అనే మెసేజ్‌లు వరసపెట్టి రాలతాయి కదా? అవి ఎప్పుడో ముగిసిపోయిన ఆఫర్లు. కారణం చాలా చిన్నది. ఆండ్రాయిడ్‌లో ఎక్కువ యాప్‌లు వాడే ఫైర్‌బేస్ మెసేజింగ్‌లో గడువు ఇవ్వకపోతే మెసేజ్ నాలుగు వారాల దాకా సర్వర్‌లో వేచి ఉంటుంది. దీనికి మందు రెండు లైన్లు:

```json
"android": {
  "ttl": "7200s",
  "collapse_key": "daily_quiz"
}
```

రెండు గంటల్లో చేరకపోతే మెసేజ్ రద్దు. ఆ లోపు అదే రకానివి రెండు పోగైతే కొత్తది మాత్రమే చేరుతుంది. రాత్రి ఎనిమిది రిమైండర్ పన్నెండింటికి చేరడం కన్నా చేరకపోవడమే మేలు.

ఇక ఆమె స్పందించకపోతే? వరసగా మూడు రోజులు తెరవలేదంటే రోజు విడిచి రోజు పంపాలి. రెండు వారాలైనా ఉలుకూ పలుకూ లేకపోతే ఒక చివరి మెసేజ్: "రిమైండర్లు ఆపేస్తున్నాం, కావాలంటే ఇక్కడ నొక్కండి." తర్వాత నిజంగానే ఆపేయాలి. డ్యూలింగో ఈ పద్ధతి పాటించే పేరున్న యాప్. ఈ రిమైండర్లు పని చేస్తున్నట్టు లేవు, ప్రస్తుతానికి ఆపుతున్నాం అని అది పంపే మెసేజ్ స్క్రీన్‌షాట్లు, మీమ్స్ రూపంలో మీరు చూసే ఉంటారు. అందులో కాస్త దెప్పిపొడుపు ఉన్న మాట నిజమే. కానీ స్విచ్ ఆఫ్ కాకముందే తనే తప్పుకుంటోంది, అదీ తెలివి.

స్ట్రీక్: పట్టుకునే తాడే ఉరి కాకూడదు

"23 రోజుల స్ట్రీక్" అని కనిపిస్తే వదలబుద్ధి కాదు. చేతికొచ్చింది పోతుందన్న భయమే అక్కడ పని చేస్తుంది. సమస్య ఏంటంటే, 24వ రోజు జ్వరమొచ్చి మానేస్తే లెక్క సున్నా. సున్నా చూసినవాళ్లలో చాలామంది మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టరు, యాపే మూసేస్తారు. అన్ని రోజులు యాప్‌కి తెచ్చిపెట్టిన స్ట్రీకే ఇప్పుడు యూజర్‌ని బయటికి తోస్తుంది. డ్యూలింగోలో స్ట్రీక్ ఫ్రీజ్ ఉన్నది ఇందుకే: ఒక రోజు తప్పినా అది ఆ రోజుని కాపాడుతుంది.

మన క్విజ్ యాప్‌కైతే "వారంలో ఐదు రోజులు" అనే లెక్క ఇంకా నయం అంటాను. పండక్కి ఊరెళ్లినా, మాక్ టెస్ట్ రోజు వదిలేసినా తెగదు. తెగినా మొత్తం చదివిన రోజులు, అత్యధిక స్ట్రీక్ స్క్రీన్ మీద అలాగే ఉండాలి. 23 రోజులు నిజంగా చదివింది కదా, దాన్ని చెరిపే హక్కు యాప్‌కి ఎక్కడిది?

ఒక బగ్ గురించి మాత్రం చెప్పి తీరాలి. రోజుని సర్వర్ యూటీసీ టైమ్‌తో లెక్కేస్తే మనకి రోజు మారేది ఉదయం 5:30కి. మన అమ్మాయి సోమవారం రాత్రి 11కి, మంగళవారం తెల్లవారి 5కి, బుధవారం ఉదయం 6కి క్విజ్ చేసింది. మన క్యాలెండర్‌లో మూడు రోజులూ ఉన్నాయి. సర్వర్ లెక్కలో మొదటి రెండూ సోమవారమే, మంగళవారం ఖాళీ, స్ట్రీక్ తెగింది. తప్పేమీ చేయని మనిషికి పడిన శిక్ష ఇది. ఫోన్‌లో ఉన్న తేదీ ప్రకారం లెక్కిస్తే ఈ గొడవే ఉండదు.

మరి డాష్‌బోర్డ్ బాగానే ఉందిగా?

రోజూ పంపే టీమ్‌లు చెప్పే మాట ఇదే: "పంపిన ప్రతిసారీ జనం వస్తున్నారు." రావడం కనిపిస్తుంది, పోవడం కనిపించదు. ఒక ఊహా లెక్క చూడండి. పదివేల మంది యూజర్లు, ఒక్కో మెసేజ్‌కి వందలో ఒకరు నోటిఫికేషన్లు ఆపేస్తారనుకుందాం. రోజూ పంపితే నెల తిరిగేసరికి మిగిలేది సుమారు 7,400 మంది. వారానికి రెండే పంపితే సుమారు 9,200. ఎవరు ఆపేశారో తెలుసుకోవడం కష్టం కాదు. యాప్ తెరిచినప్పుడు `areNotificationsEnabled()` అడిగితే ఫోనే చెబుతుంది. చాలామంది అడగరు.

ఇంకో మాయ కూడా ఉంది. మెసేజ్ నొక్కి వచ్చినవాళ్లలో చాలామంది ఎలాగూ వచ్చేవాళ్లే. తెలియాలంటే కొంతమంది యూజర్లకి ఏమీ పంపకుండా పక్కన పెట్టి పోల్చాలి. మెసేజ్ అందిన వెయ్యి మందిలో 60 మంది దాన్ని నొక్కారు, మొత్తం 210 మంది వచ్చారు. ఏమీ పంపని వెయ్యిలో 200 మంది వచ్చారు. అంటే మెసేజ్ తెచ్చింది 60 మందిని కాదు, పది మందిని. వెయ్యిలో పది తేడా అదృష్టవశాత్తూ కూడా రావచ్చు కాబట్టి, పెద్ద గుంపుతో కనీసం ఒక నెల చూడాలి.

"చిన్న స్టార్టప్‌కి ఇంత ఓపిక ఎక్కడ, నోటిఫికేషన్ ఫ్రీ కదా?" అని అడగొచ్చు. పంపడం ఫ్రీనే. కానీ ఆఫ్ చేసినవాడిని మళ్లీ పట్టుకోవాలంటే యాడ్‌కి డబ్బు పెట్టాలి, అది ఫ్రీ కాదు.

మన వైపు నుంచి చేయగలిగింది ఒకటుంది. ఈసారి విసిగించే నోటిఫికేషన్ వస్తే యాప్ మొత్తాన్ని ఆపేముందు దాన్ని నొక్కి పట్టుకోండి. ఛానెల్స్ విడిగా కనిపిస్తే ఆ ఒక్కటే ఆపండి. "జనరల్" అని ఒక్కటే కనిపిస్తే ఆ మాట ప్లే స్టోర్ రివ్యూలో రాయండి. నేను ఆ ఫుడ్ యాప్‌కి రాసింది అదే: "ఆఫర్లకి వేరే స్విచ్ పెట్టండి, ఆర్డర్ నోటిఫికేషన్ నేనే ఆన్ చేసుకుంటా."