నాలుగు దాటిన ఆ ఒక్క అంకె

యాభై దాటిన మగవాళ్ళకి హెల్త్ చెకప్ ప్యాకేజీ చేయిస్తే ఈమధ్య రిపోర్టులో పీఎస్ఏ అని ఒక లైను కూడా కనిపిస్తోంది. మనం అడిగినా అడక్కపోయినా కలిపేస్తున్నారు. ఆ లైను పక్కన అంకె లావు అక్షరాల్లో ఉందంటే ఇంక ఆ రాత్రికి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. మా ఇంట్లోనూ అంతే అయింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కాస్త ఎక్కువగా వచ్చిన మొదటి పీఎస్ఏని చూసి ఏ నిర్ణయానికీ రాకూడదు. అలాగని ఆ కాగితాన్ని మడిచి పక్కన పెట్టేయకూడదు. సరైన సమయం చూసి, సరైన పద్ధతిలో ఇంకోసారి చేయించాలి. ఈ సంగతి ఆడవాళ్ళకెందుకు అంటారా? మగవాళ్ళు ఈ భాగం గురించి డాక్టరు దగ్గర కూడా నోరు విప్పరు. రిపోర్టుల ఫైలు ఎలాగూ మన బీరువాలోనే ఉంటుంది.

మా వారికి యాభై ఎనిమిది. వచ్చిన అంకె 4.3. ల్యాబ్ వాళ్ళు 4 దాకా నార్మల్ అని వేశారు. యూరాలజిస్టు గారు చెప్పిందేమంటే, అందరికీ ఒకే 4 అనేది ఉజ్జాయింపు లెక్క. వయసు పెరిగేకొద్దీ ప్రోస్టేట్ గ్రంథి పెరుగుతుంది కాబట్టి హద్దూ పెరుగుతుంది. నలభైల్లో 2.5, యాభైల్లో 3.5, అరవైల్లో 4.5, డెబ్బైల్లో 6.5 అని చాలామంది వాడే లెక్క. ఆ ప్రకారం చూస్తే మా వారిది ల్యాబ్ చూపించిన దానికంటే ఇంకొంచెం ఎక్కువే. నా గుండె ఇంకొంచెం జారింది.

అసలు ఈ పీఎస్ఏ క్యాన్సర్ తయారుచేసేది కాదు. మూత్రాశయం కింద, మూత్రం వచ్చే గొట్టం చుట్టూ ఉండే ప్రోస్టేట్ ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా తయారుచేసే ప్రోటీన్. అందులో కొద్దిగా రక్తంలోకి చేరుతుంది. గ్రంథి పెద్దదైతే ఎక్కువ చేరుతుంది. క్యాన్సర్ వచ్చినా చేరుతుంది. ఇన్ఫెక్షన్ వచ్చి వాచినా చేరుతుంది. అంకె పెరిగిందని తెలుస్తుంది తప్ప ఎందుకు పెరిగిందో ఆ అంకె చెప్పదు.

డాక్టరు గారు మొదట అడిగింది, "టెస్టు చేయించిన రోజుల్లో మూత్రంలో మంట గానీ, మాటిమాటికీ వెళ్ళాల్సి రావడం గానీ ఉందా?" అని. మా వారు తడుముకోకుండా "అబ్బే, ఏం లేదండీ" అనేశారు. నేను పక్కనే ఉన్నాను. "ఏమండీ, ఆ పదిరోజులూ వేడి చేసిందని బార్లీ నీళ్ళు కాయించుకున్నారు కదా! రాత్రి నాలుగేసి సార్లు లేచారు కదా!" అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "అది వేడి కదా, జబ్బు కాదు కదా" అన్నారు.

ఇదిగో, మన ఇళ్ళల్లో గొడవంతా ఇక్కడే ఉంది. మూత్రంలో మంటకి మనం పెట్టుకున్న పేరు "వేడి చేయడం". మజ్జిగ, సబ్జా, బార్లీ, కొబ్బరినీళ్ళు అన్నీ తాగుతాం. అడిగితే మాత్రం ఇన్ఫెక్షన్ లేదంటాం. ఎండాకాలం నీళ్ళు చాలక మంట పుట్టడమూ ఉంటుంది, కాదనను. కానీ ఆ వయసు మగవాడికి మంట వచ్చి, రాత్రి లేవడం కూడా తోడైతే మూత్ర పరీక్ష చేయించకుండా వేడి అని తేల్చేయకూడదు.

మూత్రం పరీక్షకిచ్చాం. చీము కణాలు ఎక్కువగా ఉన్నాయి. కల్చర్‌లో ఈ-కోలై వచ్చింది. ఏ మందుకి ఆ క్రిమి లొంగుతుందో కల్చర్ రిపోర్టులోనే ఉంటుంది కాబట్టి దాన్ని బట్టే యాంటీబయాటిక్ రాశారు. మంట వారంలో పోయింది. మా వారు ఆ వారమే పీఎస్ఏ మళ్ళీ చేయించేద్దామన్నారు. డాక్టరు గారు ఒప్పుకోలేదు. మంట తగ్గినంత తొందరగా గ్రంథి వాపు తగ్గదట. కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. కొందరికి పూర్తిగా దిగడానికి నెలలు కూడా పడుతుందట. తొందరపడి చేయిస్తే మళ్ళీ ఎక్కువే వచ్చి, అనవసరంగా బయాప్సీ దాకా వెళ్ళాల్సి వస్తుంది.

రెండోసారి వెళ్ళేముందు జాగ్రత్తలు చెప్పారు. అదే ల్యాబ్‌లో చేయించాలి. ఒక్కో ల్యాబ్ వాడే పద్ధతిలో తేడా ఉంటుంది. రెండు రోజుల ముందు నుంచీ సైకిలు గట్టిగా తొక్కకూడదు. రెండు రోజులు వీర్యస్ఖలనం కూడా ఉండకూడదు, దానివల్లా అంకె కాస్త పెరగొచ్చు. ఆయన ఈ మాట మామూలుగా చెప్పేశారు, మేమిద్దరం మాత్రం గోడమీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాం. ఇంతవరకూ ఏ ల్యాబ్ వాళ్ళూ ఈ మాట చెప్పి రక్తం తీయడం నేను చూడలేదు. పరగడుపున రండి అని మాత్రం చెప్తారు, పీఎస్ఏకి ఆ అవసరమే లేదు!

ఎనిమిదో వారంలో 2.9 వచ్చింది. ఆరు నెలలాగి ఇంకోసారి చూద్దామన్నారు.

ఈ కథ విని మా ఆడపడుచు "అయితే మీ అన్నయ్యగారికి కూడా యాంటీబయాటిక్ వాడిద్దాం" అంది. ఆయనకి అరవై నాలుగు, అంకె 5.1. మంట లేదు, మూత్రం శుభ్రంగా ఉంది. అయినా తెలిసినవాళ్ళెవరో రాసిచ్చిన మందు నెల వాడారు. 4.6కి దిగింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం నచ్చలేదు. ఏ మందూ వాడకపోయినా ఒకే మనిషిలో ఈ అంకె పదిహేను, ఇరవై శాతం అటూ ఇటూ ఊగుతుంది. 5.1 నుంచి 4.6 అంటే పది శాతమే. ఇన్ఫెక్షన్ ఉందని తేలకుండా అంకె దించడానికి యాంటీబయాటిక్ వాడటం సరికాదని యూరాలజిస్టులే చెప్తారు. పైగా దిగినంత మాత్రాన క్యాన్సర్ లేదని తేలదు.

పోరగా పోరగా వెళ్ళారు. మూడోసారీ అంతే ఉంది. ఫ్రీ పీఎస్ఏ చేశారు. రక్తంలో ఒంటరిగా తిరిగే పీఎస్ఏ మొత్తంలో ఎంత వంతో చూస్తారు. పాతిక శాతం దాటితే అనుమానం తగ్గుతుంది, పదికంటే తక్కువైతే పెరుగుతుంది. ఆయనది పన్నెండు, అటూ ఇటూ కానిది. ఎమ్మారై తీస్తే ఒకచోట మచ్చ కనబడింది, అక్కడి ముక్క తీసి చూస్తే నెమ్మదిగా పెరిగే చిన్న క్యాన్సర్ ఉంది. ఆపరేషన్ ఇప్పుడే వద్దు, క్రమం తప్పకుండా చూస్తుందాం అన్నారు. ఆరు నెలలకోసారి వెళ్తున్నారు. మా ఆడపడుచు మొదట్లో ఏడ్చింది గానీ, ఇప్పుడు తారీకులు తనే రాసి పెట్టుకుంటోంది.

మొన్న పిన్ని ఫోన్ చేసి, "మీ బాబాయికి 3.8 వచ్చిందే, డెబ్బై రెండేళ్ళకి నార్మలే కదా" అంది. ఏ మాత్రలు వేసుకుంటున్నారని అడిగాను. మూత్రం ధార సన్నబడిందని రెండేళ్ళుగా వాడుతున్న మాత్రలో డ్యూటాస్టెరైడ్ ఉంది. ఫినాస్టెరైడ్ గానీ ఇది గానీ ఆరు నెలలు దాటి వాడితే పీఎస్ఏని దాదాపు సగానికి దించేస్తాయి. అంటే బాబాయి 3.8ని రెట్టింపు చేసి 7.6గా చూసుకోవాలి. మాత్రల అట్ట, పాత రిపోర్టులు అన్నీ సంచీలో పెట్టుకుని బుధవారం యూరాలజిస్టు దగ్గరికి వెళ్తున్నారు. నేనూ వెళ్తున్నాను, బాబాయి అక్కడ ఎలాగూ ఏమీ చెప్పరు.