బైక్ కోసం పీఎఫ్ తీసినోని లెక్క

మా అక్క కొడుకు పాశమైలారం దిక్కు ఓ ఫ్యాక్టరీల నాలుగేండ్లు చేసిండు. బేసిక్ పదిహేను వేలు. రెండేండ్ల కింద, ఇరవై ఎనిమిదేండ్లప్పుడు మానేసి వేరే కంపెనీ చూస్కున్నడు. నెట్ సెంటర్ పిలగాడు ‘రెండు నెలలు ఖాళీగుండు, ఫారం 19, 10సి పెట్టు, పైసలన్నీ వస్తయ్’ అన్నడట. అట్లనే పెట్టి బైక్ కొన్నడు. ‘నా పైసలే గద మామా’ అంటడు. నిజమే, వాని పైసలే. అయితే ఏం పోగొట్టుకున్నడో లెక్క చూద్దాం.

నెలకు వాని జీతంల కెళ్లి 1,800, కంపెనీ వాటాల 550 పీఎఫ్‌ల పడ్డయ్. వడ్డీతోని నాలుగేండ్లకు లక్షా ముప్పై వేల దాకా అయినయ్. ఐదేండ్లు నిండకముందే యాభై వేలు దాటి తీస్తే, పాన్ ఉన్నా పది శాతం టీడీఎస్ కోస్తరు. అట్ల పదమూడు వేలు పట్టుకున్నరు. పన్ను పడనోడు రిటర్ను వేస్తే అవి తిరిగొస్తయ్ గని, మనోళ్లల్ల వేసేటోళ్లు ఎందరు? కొత్త కంపెనీకి మార్చుకుంటే పాత నాలుగేండ్లు ఆ ఐదేండ్ల లెక్కల కలిసేవి.

వడ్డీ 2023-24ల 8.25 శాతం. ఏటేటా మారుతది గనుక 8 శాతమే పట్టుకుందాం. కొత్తగా రూపాయి కలపకున్నా ఆ లక్షా ముప్పై వేలు ముప్పై ఏండ్లకు పదింతలు, అంటే పదమూడు లక్షలైతయ్. అప్పటి పదమూడు లక్షలకు ఇప్పటంత విలువ ఉండదు, ఒప్పుకుంటా. గా బైక్‌కైతే అప్పటికి ఇనుము ధర గూడ రాదు.

ఇంకో దెబ్బ ఎవలకూ కనవడదు. కంపెనీ వాటాల నెలకు 1,250 పెన్షన్ స్కీంకు పోతది. పదేండ్ల సర్వీసుంటేనే 58 ఏండ్లకు నెలనెలా పెన్షన్. పదిహేను వేల జీతంమీద పదేండ్లకు 2,143 రూపాయలు. 10సి పెట్టి ఆ పైసలు తీసిండు గనుక నాలుగేండ్ల సర్వీసు రద్దయింది. ఇంకో ఆరేండ్లు చేస్తే సరిపోయేటోడు, ఇప్పుడు మళ్ల సున్నా నుంచి పదేండ్లు చెయ్యాలె.

2025 అక్టోబర్ల పీఎఫ్ ట్రస్టీల బోర్డు ఆ రెండు నెలల గడువును ఏడాదికి పెంచాలని నిర్ణయించింది. కొలువు పోతే 75 శాతం వెంటనే తీస్కోవచ్చట, మిగిలింది ఏడాదికి. మా సొమ్ముకు తాళమేందని కార్మికులు అడుగుడు న్యాయమే. కొలువు లేక పస్తులుండేటోనికి ముప్పై ఏండ్ల వడ్డీ చెప్పి లాభం లేదు. నేను చెప్పేది ఇంకో కొలువు దొరికినోనికి.

యూఏఎన్ ఒకటే గనుక పైసలు వాటంతటవే పోతయని చానమంది అనుకుంటరు. ట్రాన్స్‌ఫర్ అయ్యేదాక అవి పాత మెంబర్ ఐడీలనే ఉంటయ్. పీఎఫ్ పోర్టల్‌ల One Member – One EPF Account కాడ రిక్వెస్ట్ పెట్టాలె. చానసార్లు పాత కంపెనీ మానేసిన తేదీ ఎక్కియ్యక ఆగుతది. రెండు నెలలైనంక Mark Exit ల మనమే ఎక్కియ్యొచ్చు. కొత్త కంపెనీల చేరినప్పుడు పాత యూఏఎన్ నంబరే ఇయ్యాలె, లేకుంటే ఇంకోటి పుట్టిస్తరు. మారినంక పాస్‌బుక్కుల పెన్షన్ గడిల సున్నా కనవడితే పరేషాన్ గావద్దు. అండ్ల పైసలు కదలవు, సర్వీసు మాత్రమే వస్తది.