‘అనిపించేలా’ అభినందనలు

మా అన్నయ్య కొడుకు ఈ మధ్య ఏదో ట్రైనింగుకి వెళ్లొచ్చాడు. పరిచయాలు పెంచుకోవడం ఎలాగో నేర్పుతారట. అక్కడ చెప్పింది నోట్‌బుక్కులో రాసుకొచ్చి నాకు చూపించాడు. పరిచయస్తుల పేర్లతో గూగుల్ అలర్ట్స్ పెట్టుకోవాలి. వాళ్లకేదైనా మంచి జరిగినట్టు వార్త రాగానే, గంటలోపు, మనస్ఫూర్తిగా అనిపించేలా అభినందన పంపాలి. నాకు గూగుల్‌తో పేచీ లేదు. ఆ ‘అనిపించేలా’ దగ్గరే ఒళ్లు మండింది. ఏడుపు రాకపోయినా కళ్లు తుడుచుకోమన్నట్టుంది.

కొత్త విద్యేం కాదు లెండి. నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ చూడండి, ‘శుభాకాంక్షలతో’ అన్నవాడి బొమ్మ నాయకుడి బొమ్మకేం తీసిపోదు. కానీ ఆ ఫ్లెక్సీ ఎందుకు కట్టాడో ఊరందరికీ తెలుసు. ఆ మాత్రం నిజాయితీ కూడా మనవాడి నోట్‌బుక్కులో లేదు. (అన్నట్టు, అవార్డు వచ్చినవాడికి శుభాకాంక్షలు చెప్పేవాళ్లు మరో రకం. వచ్చేసిందయ్యా, ఇంకా ఆకాంక్షించేదేముంది?)

పోనీ, ఎత్తుగడగానైనా పనికొస్తుందా? మావాడు ఇరవై మంది పేర్లు పెట్టాడు. అందులో తెనాలిలో లెక్చరర్‌గా చేసే నా స్నేహితుడు ఒకడు. అసలు పేరెందుకు, శ్రీనివాసరావు అనుకోండి. పేరు కొట్టి, వార్త వచ్చినప్పుడల్లా మెయిలు రావాలనీ, అన్ని ఫలితాలూ కావాలనీ ఎంచుకున్నాడు. ఇక చూడండి, బదిలీలైన శ్రీనివాసరావులు, లంచం తీసుకుంటూ దొరికిన శ్రీనివాసరావులు, రోడ్డు ప్రమాదాల శ్రీనివాసరావులు, అన్నిటికీ మించి సినిమా నటుడు కోట శ్రీనివాసరావు. అప్పుడు కొటేషన్లలో పెట్టి, ఊరు చేర్చి, కోటను తీసేశాడు:

```
"Srinivasa Rao" Tenali -Kota
```

మెయిళ్లు తగ్గాయి, నిజమే. కానీ మన పేర్లు ఇంగ్లీషులో ఒక్కలా ఉంటాయా? Sreenivasa అని ఒకరు, Srinivas అని ఒకరు. అలా ఎలా రాసినా దొరికేలా మధ్యలో `OR` పెట్టుకుంటూ పోవాలి. ఇదంతా ఇంగ్లీషు వార్తల మాట. తెనాలి లెక్చరర్ గురించి ఇంగ్లీషులో రాసేదెవరు? రాస్తే తెలుగు పేపరు జిల్లా పేజీలో రాస్తారు. ఈ-పేపరులో అలాంటి పేజీ చాలాసార్లు బొమ్మగానే ఉంటుంది. బొమ్మలోని అక్షరాలు అలర్టుకు కనపడవు.

సరే, తెలుగులోనే పేరు కొట్టారనుకుందాం. ‘శ్రీనివాసరావు’ అని ఒకరు కలిపి రాస్తారు, ‘శ్రీనివాస రావు’ అని ఒకరు విడదీస్తారు. దాన్నైనా దాటొచ్చు. కానీ మన భాషలో విభక్తి పేరుకి అతుక్కుంటుంది. ‘శ్రీనివాసరావుకు పురస్కారం’ అన్నప్పుడు ఆ ‘కు’తో అది వేరే మాటైపోతుంది. కొటేషన్లలో పెట్టిన పేరుకి అది తగలకపోవచ్చు. ‘శ్రీనివాసరావు అరెస్టు’ మాత్రం హాయిగా తగులుతుంది. మంచి జరిగినప్పుడేమో ‘కు’ ఉంటుంది, చెడ్డ జరిగినప్పుడు పేరొక్కటే ఉంటుంది. అభినందించడానికి పెట్టుకున్న యంత్రం పరామర్శకే ఎక్కువ పనికొచ్చేలా ఉంది.

అసలు ముచ్చట ఇంకా ఉంది. ఒకరోజు ప్రిన్సిపాళ్ల ప్రమోషన్ల జాబితా ఇంగ్లీషులో వచ్చింది. అలర్టు మోగింది. మావాడు గంట కూడా ఆగలేదు, ఇన్నేళ్ల మీ కృషికి దక్కిన గౌరవమని నాలుగు వాక్యాలు పంపాడు. జాబితాలోని శ్రీనివాసరావు ఇంకో ఊరివాడు. తెనాలి మరెవరి పక్కనో ఉంది. రెండు మాటలూ ఒకే పేజీలో ఉంటే అలర్టుకు చాలు, పక్కపక్కనే ఉండక్కర్లేదు. లింకు తెరిచి, ఇంటిపేరు తాలూకు అక్షరం, కాలేజీ చూసుకుంటే రెండు నిమిషాల్లో తేలేది. గంటలోపు పంపాలన్న తొందరలో వాడు తెరవనేలేదు.

నా స్నేహితుడు ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. ఆ ప్రమోషన్ కోసం చాన్నాళ్లుగా ఎదురుచూస్తున్న మనిషి. “మీవాడు బాగా రాశాడయ్యా. చదువుతుంటే ఒక్క క్షణం నాకే వచ్చిందనిపించింది” అన్నాడు. మనస్ఫూర్తిగా అనిపించడమంటే అదే కాబోలు.

మరేం చెయ్యమంటావు అని అడిగితే నా దగ్గర పెద్ద పథకమేమీ లేదు. పది రోజులు ఆలస్యమైతే కావచ్చు, ఫోన్ చెయ్యండి. ఆ మనిషి ఏం చేశాడో కాస్త తెలుసుకుని ఒక ప్రశ్న అడగండి. అడగడానికి ప్రశ్న తట్టకపోతే ఊరుకోండి. ఇరవై మందికి ఇలా కుదరదు బాబాయ్ అంటాడు మావాడు. కుదరదు, నిజమే.

ఈ గొడవంతా అయ్యాక, నీ అలర్టుల్లోంచి నా పేరు తీసెయ్యరా అన్నాను.

“నీ పేరు పెట్టనేలేదు బాబాయ్,” అన్నాడు వాడు, ఫోన్‌లోంచి తలెత్తకుండా. “నీకేం వార్తలొస్తాయని?”