ఏ యాదమ్మకు ఎక్కుతోంది?

నల్లగొండ వైపు ఏ ఆసుపత్రిలోనైనా ఆడవాళ్ల వార్డు గుమ్మంలో నిలబడి 'యాదమ్మా' అని పిలిస్తే రెండు మంచాల మీంచి తలలు లేస్తాయి. గుట్ట నరసింహస్వామికి మొక్కుకుంటే పుట్టిన బిడ్డలు యాదయ్యలు, యాదమ్మలు, యాదగిరులు అవుతారు. పాలమూరు వైపు కురుమూర్తి స్వామి పేరున కుర్మయ్యలు, కుర్మమ్మలు. ఇప్పటి బాలింతలు మౌనికలు, శిరీషలు కదా అంటారేమో. ఆ వార్డులో ఇద్దరు మౌనికలు ఉంటారు, అంతే తేడా. పేర్లు కలిసిపోయి ఒకరి పింఛను ఇంకొకరి ఖాతాలో పడితే మండలాఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగైనా సరిచేసుకోవచ్చు. ఒకరి కోసం తెచ్చిన రక్తం ఇంకొకరికి ఎక్కితే, సరిచేసుకునే గడువు నిమిషాల్లో ఉంటుంది.

ఒక సందర్భం ఊహించుకుందాం. ఇది ఫలానా ఆసుపత్రిలో జరిగింది కాదు గానీ, వార్డులో పనిచేసే ఏ సిస్టరుకైనా పరిచయమైన సందర్భమే. ఏడో నంబరు మంచం మీద యాదమ్మ, వయసు నలభై అయిదు, బరువు 42 కిలోలు. నెలల తరబడి రక్తస్రావమై హిమోగ్లోబిన్ 5.8కి పడిపోయింది. గ్రూపు ఓ పాజిటివ్. పదకొండో మంచం మీద ఇంకో యాదమ్మ, కాలు విరిగి ఆపరేషన్ కోసం ఎదురుచూస్తోంది. గ్రూపు బి పాజిటివ్. రాత్రి పది దాటాక బ్లడ్ బ్యాంకు నుంచి రెండు సంచులు వచ్చాయి.

సిస్టరు ఏడో మంచం దగ్గరికి వచ్చి 'యాదమ్మవు నువ్వేనా?' అంది. 'ఆఁ' అంది యాదమ్మ. తప్పు జరిగింది ఇక్కడే. నీరసంతో, నిద్రమత్తుతో ఉన్న మనిషి ఏది అడిగినా 'ఆఁ' అనే అంటుంది. ఆమెచేతనే చెప్పించాలి: 'నీ పేరేందమ్మా? ఏ ఊరు? వయసెంత?' అని. 'మీ ఆయన పేరేంది?' అన్న ప్రశ్నతో మన దగ్గర ఇంకో చిక్కుంది. కొంచెం పెద్ద వయసు ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో చెప్పరు. పక్కనున్న కొడుకో మరిదో అందుకుని చెబుతాడు. ఆ అందించినవాడు పక్క మంచం తాలూకు మనిషి కూడా కావచ్చు. అందుకే నోటిమాట ఒక్కటే చాలదు. చేతికి కట్టిన పట్టీ మీది ఐపీ నంబరు, కేస్ షీట్ మీదిది, సంచికి కట్టిన క్రాస్ మ్యాచ్ చీటీ మీదిది, మూడూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే అని ఇద్దరు చదివి చూడాలి. అదీ వార్డు మొదట్లో బల్ల దగ్గర కాదు, రోగి మంచం పక్కన.

ఆ రాత్రి అది జరగలేదు. 10.10కి ఏడో మంచం యాదమ్మకు బి గ్రూపు రక్తం మొదలైంది. సిస్టరు ఒక్క పని మాత్రం పద్ధతిగా చేసింది. మొదలుపెట్టకముందు టెంపరేచరు, పల్స్, బీపీ రాసుకుంది: 98.6, 96, 110/70. చుక్కలు నిమిషానికి ఇరవైకి సరిచేసి మంచం పక్కనే ఉంది. రక్తం సెట్లో ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు. మొదటి పదిహేను నిమిషాలు ఇలా మెల్లగా వదలడం వెనక ఉన్న లెక్క అదే. ఏం జరిగినా పదిహేను మిల్లీలీటర్ల లోపే బయటపడాలి.

10.22కి యాదమ్మ 'చెయ్యి మండుతుంది' అంది. ఆ వెంటనే 'నడుం గుంజుతుంది, ఏమో అయితుంది నాకు' అంది. వణుకు మొదలైంది. పల్స్ 124, బీపీ 90/60, టెంపరేచరు 100.6. సూది ఉన్న నరం వెంట మంట, నడుము నొప్పి, ఛాతీ బిగపట్టడం, కారణం తెలియని భయం: గ్రూపు కలవని రక్తం ఇచ్చే హెచ్చరికలు ఇవే. ఆ చివరిదాన్ని కొందరు 'ఊరికే భయపడుతోంది' అని కొట్టిపారేస్తారు. రోగి 'ఏదో అవుతోంది' అన్నప్పుడు నమ్మడమే మంచిది. యంత్రం చూపించకముందే ఆ సంగతి ఆమె ఒంటికి తెలుస్తుంది.

ఆ పన్నెండు నిమిషాల్లో లోపల ఏం జరిగింది? ఓ గ్రూపు మనిషి రక్తంలో ఏ, బి రెండు గ్రూపుల కణాలకూ విరోధులైన యాంటీబాడీలు పుట్టిన కొన్ని నెలలకే తయారై ఉంటాయి. దానికి ముందెప్పుడూ రక్తం ఎక్కించుకుని ఉండనక్కర్లేదు. 1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ గ్రూపులను విడదీసి చూపించింది వీటి ఆధారంగానే. బి కణాలు లోపలికి రాగానే యాంటీబాడీలు వాటికి అంటుకుంటాయి, రక్తంలోనే ఉండే కాంప్లిమెంట్ అనే ప్రొటీన్లు ఆ కణాల గోడలకు చిల్లులు పెడతాయి. కణాలు నాళాల్లోనే పగిలి హిమోగ్లోబిన్ బయటికి ఒలుకుతుంది. ఈ గొడవలో పుట్టే రసాయనాల వల్ల రక్తనాళాలు సడలి బీపీ పడిపోతుంది. ఒలికిన హిమోగ్లోబిన్ కిడ్నీలకు చేటు, మూత్రం ఎర్రగా వస్తుంది. కొందరిలో రక్తం గడ్డకట్టే పదార్థాలు ఒంటినిండా ఖర్చయిపోయి, సూది గుచ్చిన ప్రతిచోటా, కుట్ల దగ్గరా రక్తం ఊరుతుంది.

ఇక్కడ రక్తం విషం లాంటిదే, ఎంత వెళ్లిందన్నదాన్ని బట్టి ముప్పు. పన్నెండు మిల్లీలీటర్లు వెళ్లిన మనిషి, సంచిలోని దాదాపు 250 మిల్లీలీటర్లూ వెళ్లిన మనిషి ఒకటి కాదు. కొంచెం వెళ్లినా ప్రాణాపాయం రావచ్చు, కాదనను. కానీ ఆ దశలో మన చేతిలో ఉన్న మందు ఒక్కటే, ఇంకో చుక్క వెళ్లనివ్వకపోవడం.

'ముందు డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన చెబితే ఆపుదాం' అన్న ఆలోచన అందుకే పనికిరాదు. వణుకూ జ్వరమూ గ్రూపు కలవనప్పుడే వస్తాయని కాదు. దాత తెల్లకణాల వల్ల వచ్చే మామూలు జ్వరం చాలా ఎక్కువ మందిలో కనిపిస్తుంది, దాంతో పెద్ద ప్రమాదం లేదు. సంచిలో బాక్టీరియా చేరినా వణుకే, తీవ్రంగా. మొదటి అయిదు నిమిషాల్లో మంచం పక్కన నిలబడి ఇది ఏది అని తేల్చగలిగినవారు లేరు. తేలేది బ్లడ్ బ్యాంకులో. తేలేదాకా రక్తం పోతూ ఉండకూడదు. ఒంటి మీద నాలుగు దద్దుర్లు వచ్చి, జ్వరం, ఆయాసం, బీపీ తేడా ఏమీ లేనప్పుడు మాత్రం ఆపి, అలర్జీ మందిచ్చి, తగ్గాక డాక్టరు చెబితే అదే సంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. అక్కడా ముందు ఆపడమే.

సిస్టరు రోలర్ బిగించేసింది. తర్వాత చేసిన పని చూడటానికి చిన్నదే, చాలాచోట్ల తప్పేది అక్కడే. సంచి తీసి అదే సెట్టుకు సెలైన్ తగిలించలేదు. అలా చేస్తే గొట్టంలో మిగిలిన రక్తాన్ని సెలైను లోపలికి తోసేస్తుంది. క్యాన్యులా మాత్రం ఉంచి, సెట్టు మొత్తం విప్పి, కొత్త సెట్టుతో నార్మల్ సెలైన్ పెట్టింది. ఇంకో పది నిమిషాల్లో బీపీ దిగజారితే మందు వెళ్లే దారి అదే, అందుకే క్యాన్యులా పీకకూడదు. డ్యూటీ డాక్టరును పిలిచి, సంచి మీది నంబరును చేతి పట్టీతో పోల్చి చూసింది. కలవలేదు. పేరు కలిసింది.

అప్పుడామె పదకొండో మంచం దగ్గరికి పరుగెత్తింది. ఈ పరుగు ఎవరూ మరిచిపోకూడనిది. ఒక సంచి తప్పు మంచానికి చేరిందంటే రెండోది కూడా తప్పు మంచానికి సిద్ధంగా ఉన్నట్టే. మన కథలో బి గ్రూపు యాదమ్మకు ఓ గ్రూపు కణాలు ఎక్కినా పెద్దగా ఏమీ కాదు. అదృష్టం అది. ఒకరు ఏ, ఒకరు బి అయి ఉంటే ఇద్దరూ ప్రమాదంలో పడేవారు. ఇలా ఏమీ కాకుండా జారిపోయే తప్పులు రికార్డులోకి ఎక్కవు. వార్డులో నంబర్లు చూసే అలవాటు ఎంత సడలిందో చెప్పగలిగేవి మాత్రం అవే.

సంచి, సెట్టు చెత్తబుట్టలోకి కాదు, ఉన్నదున్నట్టు బ్లడ్ బ్యాంకుకు వెళ్లాలి. వాటితోపాటు ఇంకో చేతి నుంచి తీసిన రక్తం, మొదటి మూత్రం. అక్కడ చీటీలు మళ్లీ చదువుతారు, రోగి శాంపిల్ తిప్పి పైన తేలిన ప్లాస్మా గులాబీ రంగులో ఉందా చూస్తారు, కూంబ్స్ పరీక్ష చేస్తారు, పాత శాంపిల్‌కూ కొత్తదానికీ గ్రూపు మళ్లీ కడతారు. కూంబ్స్ నెగెటివ్ వస్తే గండం గడిచిందనుకోకూడదు. పరాయి కణాలన్నీ అప్పటికే పగిలిపోతే పరీక్షకు చిక్కడానికి ఏమీ మిగలదు. యాదమ్మకు మూత్రం ధారాళంగా వచ్చేలా సెలైన్లు పెట్టి, గంట గంటకూ ఎంత వచ్చిందో కొలుస్తారు.

మత్తులో ఉన్న రోగి సంగతి వేరు. ఆమె నడుము నొప్పి అని చెప్పలేదు. ఉన్నట్టుండి బీపీ పడటం, కోసినచోట రక్తం ఊరడం, మూత్రం సంచి ఎరుపెక్కడం, ఇవే జాడలు. వెన్నులో మత్తు ఇచ్చిన సిజేరియన్ తల్లి విషయంలో ఇంకో మోసం ఉంది. ఆ మత్తుకు వణుకు మామూలే, నడుము నొప్పేమో తెలియదు. 'స్పైనల్ వణుకులే' అని దుప్పటి కప్పి వెళ్లిపోతే సంచి అయిపోయేదాకా తెలియకపోవచ్చు.

పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో నేను అంతకంటే ఎక్కువ భయపడేది ఇంకొకదానికి. ఏళ్ల తరబడి రక్తహీనతతో ఉన్న సన్నటి మనిషికి గ్రూపు సరిగ్గా కలిసిన రక్తమే హడావిడిగా రెండు సంచులు ఎక్కించడం. గుండె ఆ బరువు మోయలేదు. దగ్గు, పడుకోలేనంత ఆయాసం వస్తాయి, బీపీ పడకుండా పెరుగుతుంది. ఇక్కడా ఆపాలి, కూర్చోబెట్టాలి, నీరు లాగే ఇంజెక్షన్ ఇవ్వాలి. సెలైన్లు గుమ్మరిస్తే ఇంకా ముంచినట్టే.

ఆపడానికి సిస్టరుకు చెయ్యి రాదని నేననుకోను. ఆమె చెయ్యి పట్టేది పక్కనున్న మనుషులు. 'ఫ్రిజ్‌ల పెట్టిన రక్తం కద సిస్టర్, చలి పెడతది' అని సర్దిచెబుతారు. కొందరు ఆ చలి తగ్గించాలని సంచిని వేడినీళ్లలో పెడతారు. దాంతో కణాలు సంచిలోనే పగులుతాయి. సంచి ఆపితే గొడవే. 'పొద్దుగాల సంది తిరిగి ఇద్దర్ని పట్టుకొచ్చి రక్తం ఇప్పిచ్చినం, ఇప్పుడు ఆపుతవా? మళ్ల యాడికెళ్లి తేవాలె?' ఈ మాటలో న్యాయముంది. అర్ధరాత్రి దాతను వెతకడం ఎంత కష్టమో అడిగినవాడికే తెలుసు.

దేశంలో హీమోవిజిలెన్స్ కార్యక్రమం 2012 డిసెంబరు 10న మొదలైంది. రక్తం పడని ప్రతి సంఘటననూ బ్లడ్ బ్యాంకు ద్వారా ఒక ఫారంలో నింపి పంపాలి. శిక్షించడానికి కాదు, తెలుసుకోవడానికి. ఆ ఫారంతో పాటు మన జిల్లా ఆసుపత్రులు ఇంకో రెండు నియమాలు రాసుకుని వార్డు గోడకు అంటించాలని నా వాదన. ప్రాణం మీదికి రాని రక్తం రాత్రి పది తర్వాత మొదలుపెట్టొద్దు, ఎందుకంటే ఆ వేళ పదిహేను నిమిషాలు ఒకే మంచం పక్కన ఉండగల సిస్టరు వార్డులో దొరకదు. ఇక సిస్టరు ఆపిన సంచికి బదులుగా ఇచ్చే సంచికి కొత్త దాతను అడగొద్దు, డబ్బులు అసలే అడగొద్దు. ఆ రెండో మాట అటెండర్లకు వినబడేలా, వాళ్ల భాషలో, రక్తం మొదలుపెట్టకముందే చెప్పాలి.